ఖాళీలు పూరించడం ఎట్లా? – మూడు ఆనవాళ్లు



ఈసారి గోడ పత్రికలో నేను ఖాళీల గురించి రాస్తున్నాను. విడివిడి వాక్యాల్లో ఉండే ఖాళీలు కాదు. ఒక పేరా మొత్తం ఇచ్చి, అందులో అక్కడక్కడ మాటలు తీసేసి, ఒక్కో ఖాళీకి నాలుగు మాటలు ఇచ్చి సరైనది ఎంచుకోమంటారు కదా, అది. దీన్ని క్లోజ్ టెస్ట్ అంటారు. తెలుగు పరీక్షలోనూ వస్తుంది, ఇంగ్లీషు పరీక్షలోనూ వస్తుంది. ముందు ముందు ఉద్యోగ పరీక్షల్లో కూడా వస్తుంది.

క్లోజ్ అనే పేరు ఎట్లా వచ్చిందో ముందు చెప్తాను. 1953లో అమెరికాలో విల్సన్ టేలర్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. పిల్లలకు మార్కులు వేయడానికి కాదు. ఒక రాత చదివేవాళ్లకు సులువుగా ఉందా, కష్టంగా ఉందా అని కొలవడానికి. రాతలో లెక్క ప్రకారం మాటలు తీసేసి, ఖాళీలు ఎంతమంది సరిగ్గా నింపుతారో చూశాడు. ఎక్కువమంది నింపితే రాత సులువు, తక్కువమంది నింపితే కష్టం. వాకిట్లో ముగ్గు ఒక పక్క చెరిగిపోయినా మన కన్ను ఆ గీతను కలిపేసుకుని ముగ్గును మొత్తంగానే చూస్తుంది. ఇంగ్లీషులో అట్లా కలిపి మూసేయడాన్ని క్లోజర్ అంటారు. ఆ మాట నుంచే క్లోజ్ వచ్చింది.

ముగ్గులో గీత కలపాలంటే మిగతా చుక్కలు కనబడాలి. పేరాలో మాట కలపాలంటే మూడు ఆనవాళ్లు చూడాలి.

మొదటిది వ్యాకరణం. ఖాళీ పక్కనున్న మాటలు ఏ రూపం అడుగుతున్నాయి? ఏకవచనమా, బహువచనమా? జరిగిపోయిందా, జరగబోయేదా? కు, ని, తో, లో వీటిల్లో ఏది కావాలి?

రెండోది సందర్భం. పేరా మొత్తం ఏం చెప్తోంది? ఈ మాట పెడితే ఆ సంగతికి అడ్డం వస్తుందా?

మూడోది జత. కొన్ని మాటలు కొన్ని మాటలతోనే కలిసి నడుస్తాయి. బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, ముఖం కడుగుతాం. మూడింట్లోనూ నీళ్లు పోసి మురికి తీయడమే. అయినా గిన్నెలు ఉతికాను అని ఎవరూ అనరు. ఎందుకు అనరు అంటే జవాబు లేదు. భాషలో అట్లా జత కుదిరింది, అంతే. నేను వీటిని జత మాటలు అంటాను.

ఒక్క ఆనవాలు చూసి నింపితే చాలాసార్లు దారి తప్పుతాం. మూడూ కలిపి చూడాలి. ఎట్లాగో ఒక పేరా తీసుకుని చూద్దాం. మన జిల్లా పేరు పెట్టుకున్న సంగతే తీసుకున్నాను.

పేరా

కొన్ని ఊళ్లలో బోరింగు నీళ్లు చూడడానికి తేటగా (1) ______ గాని, వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి ఆ నీళ్లు (2) ______ పళ్లు గారపడతాయి, (3) ______ వంకర పోతాయి. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ ఒక పద్ధతి తయారు చేసింది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు (4) ______. ఈ పద్ధతిలో నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి (5) ______ బాగా తిప్పాలి. తర్వాత ఆ నీళ్లను కదిలించకుండా కాసేపు (6) ______. మడ్డి (7) ______ దిగుతుంది. అప్పుడు పైనున్న తేట నీళ్లను మెల్లగా వేరే బిందెలోకి (8) ______.

1. ఉంటుంది / ఉంటాయి / ఉన్నాడు / ఉండాలి
2. తాగి / తాగినా / తాగితే / తాగాలి
3. నడుము / కాళ్లు / కళ్లు / జుట్టు
4. వేశారు / కట్టారు / పెట్టారు / పోశారు
5. కలిసి / కలిపి / కలపకుండా / కలిపారు
6. తిప్పాలి / ఉంచాలి / ఉంచారు / ఉండాలి
7. అడుగున / అడుక్కు / అడుగుతో / పైకి
8. చేదాలి / చల్లాలి / వంచాలి / పిండాలి

పెన్ను ఇంకా తీయొద్దు. మొదట ఖాళీలు ఖాళీలుగానే వదిలేసి పేరా చివరిదాకా చదవాలి. ఏదో చెడ్డ నీళ్లు, వాటిని బాగుచేసే పద్ధతి, తర్వాత వరుసగా చేసే పనులు. ఇంత తెలిస్తే చాలు, రెండో ఆనవాలు మన చేతికి వచ్చినట్టే.

ఒక్కొక్క ఖాళీ

మొదటి ఖాళీకి వ్యాకరణమే సగం జవాబు చెప్తుంది. తెలుగులో నీళ్లు ఎప్పుడూ బహువచనం. ఒక్క చుక్క అయినా నీళ్లు ఉన్నాయి అంటాం. అదే నీరు అని రాస్తే ఏకవచనం అవుతుంది, నీరు తేటగా ఉంటుంది అని రాయాలి. పేరాలో నీళ్లు అని ఉంది కాబట్టి ఉంటుంది పోయింది, ఉన్నాడు పోయింది. ఉండాలి మిగిలింది. దాన్ని సందర్భం తీసేస్తుంది. ఖాళీ తర్వాత గాని అని ఉంది. గాని అంటే ముందు ఒక మంచి, వెనుక ఒక చెడు. పైకి తేటగా ఉంటాయి గాని లోపల చెడ్డవి. జవాబు ఉంటాయి.

ఇంట్లో లంబాడీ మాట్లాడే మనలాంటివాళ్లు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. మన పాణీ ఏకవచనంలో నడుస్తుంది, తెలుగు నీళ్లు బహువచనంలో నడుస్తాయి. ఇంటి భాషలో ఆలోచించి రాస్తే చేయి తనంతట తాను ఉంటుంది అని రాసేస్తుంది.

రెండో ఖాళీ ఈ పేరాలో అన్నిటికంటే గట్టిది. తాగి అనేది క్త్వార్థకం. నేను అన్నం తిని బడికి వచ్చాను అంటే తిన్నదీ నేనే, వచ్చిందీ నేనే. మామూలుగా రెండు పనులూ ఒక్కరే చేయాలి. ఇక్కడ తాగేది మనిషి, గారపట్టేది పళ్లు. ఇద్దరు వేరు. మా మేస్త్రీ అక్క మాత్రం మాటల్లో ఆ నీళ్లు తాగి తాగి పళ్లు పాడైనయి అంటుంది. అది తప్పు కాదు. అక్కడ సంగతి జరిగిపోయింది, తాగడం దానికి కారణం. పేరాలో గారపడతాయి అని ఉంది. జరిగిపోయింది కాదు, ఇట్లా చేస్తే అట్లా అవుతుంది అనే లెక్క. చేస్తే, వస్తే, తాగితే వంటి రూపాన్ని చేదర్థకం అంటారని మనం చదువుకున్నాం. దానికి చేసేవాళ్లు వేరైనా ఇబ్బంది లేదు. వాన పడితే చెరువు నిండుతుంది అన్నట్టు.

మరి తాగినా? అది అప్యర్థకం. వ్యాకరణం దాన్ని ఆపదు. చేసేవాళ్లు వేరైనా అది కుదురుతుంది. దాన్ని ఆపేది సందర్భం. తాగినా అంటే వెనుక ఎదురు సంగతి రావాలి. మందు తాగినా జ్వరం తగ్గలేదు అన్నట్టు. ఇక్కడ ఎదురు లేదు, కారణమూ ఫలితమూ ఉన్నాయి. కాబట్టి తాగితే. చూడండి, వ్యాకరణం ఇద్దరిని గెంటేసింది, మిగిలిన ఇద్దరిలో ఒకరిని సందర్భం గెంటేసింది.

మూడో ఖాళీకి పోతాయి అనేది ఆనవాలు. బహువచనం. నడుము, జుట్టు పోయాయి. కాళ్లు, కళ్లు మిగిలాయి. రెండింటికీ తేడా ఒక్క దీర్ఘం, తొందరలో చూస్తే ఒకటే అనిపిస్తుంది. వంకర అనే మాట కాళ్లతో జత కడుతుంది, ఎముకల సంగతికి కూడా సరిపోతుంది. జవాబు కాళ్లు. నడుము అని పెట్టాలనిపించడం సహజమే, ఎందుకంటే ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. సంగతి నిజమే గాని, వాక్యం ఒప్పుకోదు. నడుముకు వంగిపోతుంది అని వేరే జత ఉంది.

నాలుగో ఖాళీలో వ్యాకరణం ఏ సాయమూ చేయదు. వేశారు, కట్టారు, పెట్టారు, పోశారు అన్నీ ఒకే రూపం. సందర్భం కూడా చేయదు, ఏం చెప్పాలో నాలుగింటికీ ఒకటే. జత ఒక్కటే తేలుస్తుంది. పేరు పెడతాం. బిడ్డకు పెట్టినా, ఊరికి పెట్టినా, పద్ధతికి పెట్టినా అదే. వేయు అనేది కూడా పేరుతో వస్తుంది గాని అర్థం వేరు. పెండ్లి పత్రికలో మేనమామ పేరు వేశారు అంటే అచ్చు వేశారని. ఇక్కడ జవాబు పెట్టారు.

అయిదో ఖాళీలో కలిసి, కలిపి అని రెండు ఉన్నాయి. ఒక్క అక్షరం తేడా. కలిసి అంటే తనంతట తాను కలవడం. మేం ముగ్గురం కలిసి వచ్చాం. కలిపి అంటే ఒకరు ఇంకొకదాన్ని కలపడం. పటిక నీళ్లలో తనంతట తాను దూకదు, మనం వేసి కలపాలి. తిప్పాలి అనేదీ మనం చేసే పనే. అంటే రెండు పనులు చేసేది ఒక్కరే, ఇందాక చెప్పిన క్త్వార్థకం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. కలిపారు అంటే వాక్యం అక్కడే ఆగిపోవాలి, ఆగలేదు. కలపకుండా అంటే పద్ధతే లేదు. జవాబు కలిపి.

ఆరో ఖాళీకి రెండు వైపులా ఆనవాళ్లు ఉన్నాయి. నీళ్లను అని ను ఉంది. అంటే నీళ్లకు ఎవరో ఏదో చేస్తున్నారు. ఉండాలి అనే మాటకు ను అక్కర్లేదు, నీళ్లు ఉండాలి అంటాం. కాబట్టి ఉండాలి పోయింది. కదిలించకుండా అని ఉంది, తిప్పాలి దానికి ఎదురు. ఉంచారు అనేది జరిగిపోయిన పని. ముందు వాక్యం తిప్పాలి అని చెప్తోంది కాబట్టి, ఇది కూడా ఎట్లా చేయాలో చెప్పే వాక్యమే. జవాబు ఉంచాలి.

ఏడో ఖాళీకి కుడి పక్కనే దిగుతుంది అని ఉంది. దిగడం అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడం. ఎక్కడికి అని అడుగుతుంది, దానికి కు కావాలి. అడుక్కు దిగుతుంది. అడుగున అంటే ఎక్కడ అనే ప్రశ్నకు జవాబు. మడ్డి అడుగున ఉంది అనేటప్పుడు అది సరి. పైకి అన్నదానికి కూడా కి ఉంది గాని, పైకి దిగడం లోకంలో లేదు.

ఎనిమిదో ఖాళీలో వింత ఏమంటే, నాలుగు మాటలూ నీళ్లతో జత కట్టేవే. నీళ్లు చేదుతాం, నీళ్లు చల్లుతాం, నీళ్లు వంచుతాం, తడిబట్ట నుంచి నీళ్లు పిండుతాం. జత మీదే ఆధారపడితే నాలుగూ ఒప్పే. ఇక్కడ సందర్భాన్ని పిలవాలి. చేదడానికి బావి, తాడు, బొక్కెన ఉండాలి. చల్లడానికి వాకిలి ఉండాలి. పిండడానికి బట్ట ఉండాలి. పేరాలో పైనున్న తేట నీళ్లు, మెల్లగా, వేరే బిందెలోకి అని ఉంది. అన్నం గంజి ఎట్లా వంచుతామో అట్లా అన్నమాట. మెతుకు పడకుండా గంజి వస్తుంది, మడ్డి కదలకుండా తేట నీళ్లు వస్తాయి. జవాబు వంచాలి.

ఒక సంగతి. ఈ పేరా చదివి ఎవరూ బిందెలో పటిక వేయొద్దు. ఎంత పటిక, ఎంత సున్నం అనేది ఆ నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో పరీక్ష చేసి లెక్క కడతారు. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక ఊళ్లకు శుద్ధి చేసిన నది నీళ్లు పైపుల్లో ఇస్తున్నారు.

కుడి పక్క చూడండి

ఈ ఎనిమిదింటిలో ఒక సంగతి గమనించారా? ఒకటో ఖాళీకి గాని, రెండుకు గారపడతాయి, మూడుకు పోతాయి, అయిదుకు తిప్పాలి, ఏడుకు దిగుతుంది. ఆనవాలు ఎక్కువసార్లు ఖాళీ తర్వాత ఉంది. దీనికి కారణం ఉంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. వాక్యానికి కాలం, వచనం, లింగం అన్నీ చివరి మాటలోనే ఉంటాయి. అందుకే ఖాళీ దాకా చదివి ఆగి నింపితే, సగం సాక్ష్యం విని తీర్పు చెప్పినట్టు. వాక్యం చివరి దాకా పోవాలి, తర్వాతి వాక్యం కూడా ఒకటి చూడాలి.

ఇంగ్లీషులో అట్లా కాదు. అక్కడ క్రియ ముందే వస్తుంది. వ్యాకరణం ఆనవాలు చాలాసార్లు ఖాళీకి ఎడమ పక్కన ఉంటుంది, జత ఆనవాలు కుడి పక్కన ఉంటుంది. ఒక వాక్యం చూడండి. హి హ్యాజ్ ______ ఎ మిస్టేక్. ఎడమన హ్యాజ్ ఉంది, కాబట్టి క్రియకు మూడో రూపం కావాలి. మేక్ కాదు మేడ్, డూ కాదు డన్. మేడ్, డన్ రెండూ వ్యాకరణానికి సరే. ఇప్పుడు కుడి పక్క చూడాలి. మిస్టేక్ అనే మాట మేక్‌తో జత కడుతుంది. హోంవర్క్ అనే మాట డూతో జత కడుతుంది. తెలుగులో తప్పూ చేస్తాం, హోంవర్కూ చేస్తాం, రెండింటికీ ఒకటే చేయడం. తెలుగు నుంచి మార్చి రాస్తే ఏది పెట్టాలో తెలియదు. జవాబు మేడ్. అట్లాగే మందు తాగాను అని మనం అంటాం, ఇంగ్లీషులో మెడిసిన్‌కు టేక్ జత. పెద్ద వాన అంటాం, వాళ్లు హెవీ రెయిన్ అంటారు.

జత మాటలు ఎక్కడ దొరుకుతాయి?

వ్యాకరణం నియమం నేర్చుకుంటే వస్తుంది. సందర్భం జాగ్రత్తగా చదివితే వస్తుంది. జత మాత్రం ఆలోచిస్తే రాదు. విని ఉండాలి, లేదా చదివి ఉండాలి. పేరు పెట్టారు ఎందుకు, పేరు కట్టారు ఎందుకు కాదు అని ఎంతసేపు కూర్చుని ఆలోచించినా తేలదు.

ఇక్కడే మన కష్టం ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లకు ఈ జతలు చిన్నప్పుడే చెవిన పడతాయి. మా అమ్మ, బాపు బడి మొహం చూడలేదు, తాండాలో మాది లంబాడీ మాట. తెలుగు జతలు మాకు రెండు చోట్ల దొరుకుతాయి. ఒకటి చేను, రెండోది పుస్తకం.

చేను తక్కువది కాదు. సెలవుల్లో కూలికి పోయిన ప్రతి పిల్లకూ ఇవి వచ్చు. పత్తి ఏరుతాం, జొన్న కోస్తాం, పల్లికాయ పీకుతాం, నాటు వేస్తాం, కలుపు తీస్తాం, పాలు పితుకుతాం, పిండి విసురుతాం. పత్తి కోస్తాం అని కూడా కొన్ని చోట్ల అంటారు. పరీక్షలో వ్యవసాయం పేరా వస్తే మనకు పట్నం పిల్లల కంటే ముందే జవాబు తోస్తుంది. ఆ తెలుగు కూలి తెలుగు అని తీసేయొద్దు, అది సరైన తెలుగే.

పుస్తకం జతలు వేరు. నిర్ణయం తీసుకున్నారు, కృషి చేశారు, శ్రద్ధ వహించాలి, ప్రభావం చూపింది, చర్య తీసుకున్నారు, ఉపన్యాసం ఇచ్చారు. ఇవి చేన్లో వినబడవు, తాండాలో వినబడవు. వీటికి నేను ఒక పాత నోటుపుస్తకం పెట్టాను. అందులో మాట ఒక్కటే రాయను, జతగా రాస్తాను. నిర్ణయం అని రాసి పక్కన అర్థం రాసుకుంటే ఖాళీ నింపేటప్పుడు ఉపయోగం లేదు. నిర్ణయం తీసుకొను అని రాసుకుంటేనే ఉపయోగం. ఇంకో పద్ధతి కూడా బాగుంది. పేజీ మీద ఒక క్రియ రాసి, దానితో వచ్చే మాటలన్నీ కింద రాయడం. ఉదాహరణకు వేయు. ఆకలి వేయు, భయం వేయు, నాటు వేయు, ఓటు వేయు, తాళం వేయు. పెట్టు అనే పేజీలో పేరు పెట్టు, బొట్టు పెట్టు, సంతకం పెట్టు, చలి పెట్టు. ఒకే మాట ఎన్ని చోట్ల ఎన్ని పనులు చేస్తుందో చూస్తే నవ్వు వస్తుంది, గుర్తూ ఉంటుంది.

తప్పు ఎట్లా పట్టుకోవాలి?

అన్నీ నింపాక పేరాను మొదటి నుంచి ఒకసారి చదవాలి. పరీక్షలో అయితే పెదవులు కదిలిస్తూ మనసులో చదవాలి. ఎక్కడైనా నాలుక తట్టుకుంటే అక్కడ ఏదో తప్పు ఉంది. ఏ రకం తప్పో కూడా తెలుసుకోవచ్చు. వాక్యం అతకకపోతే వ్యాకరణం. వాక్యం అతికి, ముందు చెప్పినదానికి ఎదురు పడితే సందర్భం. అన్నీ సరిగ్గా ఉండీ ఎవరూ అట్లా అనరే అనిపిస్తే జత.

గొలుసు తప్పులు కూడా ఉంటాయి. రెండో ఖాళీలో తాగినా అని పెట్టినవాళ్లు, ఈ నీళ్లు మంచివే కాబోలు అనుకుని మూడో ఖాళీ దగ్గర తికమక పడతారు. ఒక ఖాళీకి ఏదీ కుదరకపోతే, దాని ముందు నింపినదాన్ని అనుమానించాలి.

నాలుగు మాటలు ఇవ్వకుండా ఉత్త ఖాళీ ఇస్తే ఇంకో చిక్కు వస్తుంది. మొదటి ఖాళీలో కనిపిస్తాయి అని రాస్తే అది కూడా సరే. నాలుగులో పేరు వచ్చింది అన్నా సరే. రాసినవాళ్లు పెట్టిన మాటకే మార్కు అనే లెక్క ఒకటి, అర్థానికి సరిపడే ఏ మాటకైనా మార్కు అనే లెక్క ఒకటి, రెండూ ఉన్నాయి. టేలర్ మొదటి లెక్కే వాడాడు, ఎందుకంటే ఆయన రాతను కొలుస్తున్నాడు, పిల్లలను కాదు. మనలో మనం ఖాళీల పేరాలు తయారు చేసుకుని ఆడేటప్పుడు రెండో లెక్క పెట్టుకుంటే న్యాయం. ఇంకొకటి, నేను నిన్న ______ తిన్నాను అని ఖాళీ ఇవ్వకూడదు. అన్నం, రొట్టె, మామిడిపండు ఏదైనా సరిపోతుంది, తేల్చే ఆనవాలే లేదు. ఆనవాలు లేని ఖాళీ పరీక్ష కాదు, పొడుపుకథ కూడా కాదు.

ఇప్పుడు మీరు నింపండి

కృష్ణా నది మీద నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన (1) ______. ఆనకట్ట (2) ______ లోయలోని పాత బౌద్ధ కట్టడాలు మునిగిపోతాయని తెలిసి, వాటిని తవ్వి తీశారు. ముఖ్యమైన వాటిని నాగార్జునకొండ మీదికి (3) ______. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు (4) ______. ఇప్పుడు ఆ కొండ నీళ్ల నడుమ ద్వీపంలా (5) ______.

1. వేశారు / చేశారు / చేసింది / చేస్తారు
2. కట్టి / కట్టినా / కడితే / కట్టాలి
3. తరలారు / తరలించారు / తరలిస్తారు / ఎగరేశారు
4. పోశారు / వదిలాడు / వదిలారు / వదిలితే
5. ఉన్నాయి / ఉంది / ఉండేది / పడింది

కింద జవాబులు ఉన్నాయి. వేలితో మూసి, ముందు మీ నోటుపుస్తకంలో రాయండి. ఒక్కో జవాబు పక్కన ఏ ఆనవాలు తేల్చిందో కూడా రాయండి.

జవాబులు: 1. చేశారు. శంకుస్థాపనకు చేయు జత. పునాదిరాయికి అయితే వేయు జత, అందుకే వేశారు అని చేయి లాగుతుంది. 2. కడితే. మునిగిపోతాయని అని జరగబోయే సంగతి ఉంది, కట్టేది మనుషులు, మునిగేది కట్టడాలు. 3. తరలించారు. వాటిని అని ని ఉంది, కాబట్టి తరలారు కుదరదు. తవ్వి తీశారు అని జరిగిపోయింది కాబట్టి తరలిస్తారు కుదరదు. ఎగరేశారు జత కాదు. 4. వదిలారు. చెట్టుకు నీళ్లు పోస్తాం, కాలువకు వదులుతాం. ఇందిరాగాంధీ కాబట్టి వదిలాడు కాదు. 5. ఉంది. కొండ ఒక్కటే, ఇప్పుడు అని మొదట్లోనే ఉంది కాబట్టి ఉండేది కాదు.

అయిదూ సరిగ్గా వచ్చినవాళ్లు ఒక కొత్త పేరా తయారు చేసి వచ్చే సంచికకు ఇవ్వండి. మేం నింపుతాం.

– తొమ్మిదో తరగతి